రివ్యూలో ఉన్నది తీర్పు, కెమెరా ముందు కావలసింది సంగతి

ప్రశ్న: మాది విజయనగరంలో చిన్న పరుపుల షాపు. ఒక కస్టమర్ గూగుల్‌లో ఇలా రాశారు: "చాలా మంచి పరుపు. క్వాలిటీ సూపర్. నడుం నొప్పి తగ్గింది. డెలివరీ కొంచెం లేటు అయినా స్టాఫ్ మర్యాదగా ఉన్నారు. రేటు రీజనబుల్. అందరికీ రికమెండ్ చేస్తాను." ఆయన వీడియోలో మాట్లాడడానికి ఒప్పుకున్నారు. రివ్యూనే "నేను" అని మార్చి స్క్రిప్టు రాసి ఇచ్చాను. ఆయన చదువుతుంటే టీవీ యాడ్‌లా ఉంది, ఆయనకే నవ్వొచ్చింది. సహజంగా ఉండేలా ఎలా రాయాలి?

జవాబు:

నేను శ్రీకాకుళంలో ఈ పనే చేస్తాను. మొదట లోకల్ కేబుల్‌కి యాడ్లు, ఇప్పుడు షాపుల వాళ్లకి రీల్స్. మీరు పెట్టిన రివ్యూ చూడగానే నవ్వొచ్చింది, ఎందుకంటే పోయినేడాది ఇక్కడ ఒక పరుపుల కొట్టుకి వీడియో చేసినప్పుడు నా చేతికొచ్చిన రివ్యూ దాదాపు ఇదే. పరుపుల రివ్యూలన్నీ ఇలాగే ఉంటాయి లెండి. ఆ వీడియో ఎలా తయారైందో మొదటి నుంచీ చెప్తాను, మీ పని అందులోనే దొరుకుతుంది.

ముందు ఒక్క విషయం. రివ్యూ రాసేటప్పుడు మనిషి తీర్పు చెప్తాడు. బాగుంది, పర్వాలేదు, రేటు సరిపోయింది, అంతే. జడ్జిగారి కుర్చీలో కూర్చుని రాసిన ఆ మాటల్ని అదే మనిషి నోట్లో పెట్టి కెమెరా ముందు పలకమంటే, వినేవాడికి తీర్పే వినపడుతుంది గానీ కేసు వినపడదు. "క్వాలిటీ సూపర్" అని మీ కస్టమర్ ఎంత మనస్ఫూర్తిగా అన్నా అది యాడ్‌లాగే ఉంటుంది, ఎందుకంటే యాడ్లలో అనే మాట కూడా అదే. మనకి కావలసింది ఆ తీర్పు వెనకాల జరిగిన సంగతి, అది రివ్యూలో ఉండదు. ఎంత తెలివిగా తిరగరాసినా లేనిది రాదు. కల్పిస్తే అబద్ధం అవుతుంది, పైగా దొరికిపోతుంది కూడా. అందుకే రివ్యూని స్క్రిప్టుగా మార్చడంలో మొదటి పని రాయడం కాదు, ఫోన్ చేయడం.

మా కస్టమర్ ఆముదాలవలసలో ఉండే ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు గారు. కొన్నది కొబ్బరి పీచు పరుపు, ఆరడుగులకి అయిదడుగులు, పదకొండు వేల చిల్లర. రివ్యూలో రాసింది: "బెస్ట్ క్వాలిటీ పరుపు. నడుం నొప్పి పోయింది. మొదట్లో కొంచెం గట్టిగా ఉంది. షాపు వాళ్లు బాగా రిసీవ్ చేసుకున్నారు. తప్పక కొనవచ్చు." కొట్టు ఓనరు మేనల్లుడు దీన్నే తీసుకుని అప్పటికే ఒక స్క్రిప్టు రాసి పెట్టాడు, అది ఇలా ఉంది:

"నమస్కారం. నేను గత ఇరవై ఎనిమిది సంవత్సరాలుగా డ్రైవర్‌గా పనిచేశాను. నేను తీవ్రమైన నడుం నొప్పితో బాధపడేవాడిని. నేను ఈ పరుపును కొనుగోలు చేయడం జరిగింది. నా నడుం నొప్పి పూర్తిగా తగ్గిపోయింది. నాణ్యమైన నిద్ర కోసం నేను ఈ షాపును మీ అందరికీ రికమెండ్ చేస్తున్నాను."

ఇందులో "నేను" ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. మనం మాట్లాడేటప్పుడు అలా అనం. "వెళ్లాను, కొన్నాను, తెచ్చాను" అంటే ఎవరో క్రియలోనే తెలిసిపోతుంది, "నేను" అక్కర్లేదు. ఇంకొకరితో పోల్చి చెప్పాల్సినప్పుడే నోటికి "నేను" వస్తుంది: "ఆవిడ వద్దంది, నేనే పట్టుబట్టాను" అన్నట్టు. రివ్యూని సొంత మాటగా మార్చమంటే చాలామంది చేసేది ప్రతి వాక్యం ముందు "నేను" తగిలించడం, ఆ ఒక్కదానితోనే సగం కృత్రిమం వచ్చేస్తుంది. మిగతా సగం "కొనుగోలు చేయడం జరిగింది" లాంటివి. ఆయన ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆ మాట వాడిందేమైనా ఉంటే డిపో మేనేజరుకి రాసిన సెలవు చీటీలోనే అయ్యుంటుంది.

సరే, ఫోన్ చేశాను. ఇక్కడ నేను చాలా ఏళ్లు చేసిన తప్పు ఒకటుంది, మీరు చేయకండి. "బాబాయ్ గారూ, పరుపు ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది బాబూ, ఏటి సెప్పమంటావు" అంటారు. అంతే, రివ్యూ మళ్లీ మన చేతికొచ్చింది. ఎలా ఉంది అని అడిగితే తీర్పే వస్తుంది. ఏమైంది, ఎవరన్నారు, ఎప్పుడు అని అడిగితే సంగతి వస్తుంది. నేనిప్పుడు మొదటి ప్రశ్నగా అడిగేది ఒకటే: పాతది ఏం చేశారు? పరుపైనా, మిక్సీ అయినా, బండి అయినా పాతదాని గురించి అడిగితే మనుషులు ఆగకుండా మాట్లాడతారు, ఎందుకంటే దానితో పడ్డ తిప్పలు వాళ్ల సొంతం, కొత్తదాని గొప్ప మాత్రం కొట్టువాళ్లది.

ఆయన ఏం చెప్పారంటే, ఆయన మాటల్లోనే పెడుతున్నాను:

"పాతది దూది పరుపు బాబూ. మా అమ్మాయి పెళ్లప్పుడు కుట్టించినాం. మజ్జిలో గుంట పడిపోనాది. ఆవిడ అటుపక్క, నాను ఇటుపక్క తొంగునేవోళ్లం, తెల్లారేసరికి ఇద్దరం గుంటలో ఉండీవోళ్లం. రెండుసార్లు ఏకించినాను. ఏకిస్తే ఓ ఆర్నెల్లు బాగుంటాది, మళ్లీ అంతే."

ఈ మాట వినగానే వెనకనుంచి వాళ్ల ఆవిడ నవ్వు వినపడింది. అప్పుడే నాకు వీడియో దొరికిపోయింది. దూది పరుపు వాడిన ఎవరికైనా ఆ గుంట తెలుసు. దూది ఉండలు కట్టి పక్కలకి జరిగిపోతుంది, ఎక్కువ బరువు పడేచోట పల్లం అవుతుంది. ఆ మాట విన్నవాడు తన మంచం గుర్తు చేసుకుంటాడు. "అసౌకర్యంగా ఉండేది" అంటే ఎవరికీ ఏ మంచమూ గుర్తుకు రాదు.

తర్వాత అడిగింది, కొత్త పరుపు వచ్చిన మొదటి రాత్రి ఇంట్లో ఎవరు ఏమన్నారు అని. ఏమనిపించింది అని కాదు, ఏమన్నారు అని. ఆవిడ అన్నదట: "ఏటిది, బల్ల మీద తొంగున్నట్టుంది, ఇచ్చీసి రండి." ఒక వారం రోజులు రోజూ పొద్దున్న ఇదే గొడవ. వారం తర్వాత అలవాటైపోయిందట. రివ్యూలో ఉన్న "మొదట్లో కొంచెం గట్టిగా ఉంది" అసలు రూపం ఇది.

మూడోది, ఇంటికి ఎవరైనా వచ్చి ఆ పరుపు మీద పడుకున్నారా అని. దీనికి ఏమీ రాకపోవచ్చు అనుకుంటూనే అడిగాను. వచ్చింది. రథసప్తమి ముందురోజు సాయంత్రం పాలకొండ నుంచి ఆయన బావమరిది వచ్చాడు. అరసవల్లిలో అర్ధరాత్రి నుంచే లైన్లు కడతారు కదా, రెండింటికి లేచి వెళ్లిపోతానని చెప్పి, అలారం కూడా పెట్టుకుని పడుకున్నాడు. చుట్టం కాబట్టి మంచం ఆయనకిచ్చి వీళ్లు హాల్లో పడుకున్నారు. మనిషి లేచేసరికి తెల్లారిపోయింది. అలారం ఎప్పుడు ఆపాడో ఆయనకే తెలియదు. దర్శనం అయ్యేసరికి మధ్యాహ్నం దాటిందట, ఆ ఎండలో నిలబడి బావగారిని తిట్టుకున్నాడట.

పరుపు మీద మంచి నిద్ర పడుతుంది అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. ఓనరు దగ్గర "సుఖమైన నిద్ర" అనే మాట ఉంది, దాన్ని ఎలాగైనా పెట్టమన్నాడు. బావమరిది కథ ఉన్నాక ఆ మాట పెడితే కథనే పాడుచేస్తుంది, జోకు చెప్పి వివరించినట్టు.

ఇక నడుం నొప్పి. మీ రివ్యూలోనూ ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. "నడుం నొప్పి పోయింది అని రాశారు కదా బాబాయ్ గారూ, ఎప్పుడు పోయింది?" అని అడిగాను. కాస్త ఆలోచించి, "రిటైరై ఎనిమిది నెలలైంది కదేటి, బండి తోలడం లేదు. మరి డాక్టరు గారు ఏవో ఎక్సర్‌సైజులు సెప్పినారు, అవీ సేస్తున్నాను" అన్నారు. అంటే రోజంతా సీట్లో కూర్చోవడం మానేశారు, వ్యాయామం మొదలుపెట్టారు, పరుపు మార్చారు. మూడూ కొన్ని నెలల తేడాలో జరిగాయి. రివ్యూ రాసేటప్పుడు పరుపుకే మార్కులేశారు, అది అబద్ధం కాదు, కానీ నిజం కూడా అంతే అని చెప్పలేం. మేనల్లుడి స్క్రిప్టులో అది "పూర్తిగా తగ్గిపోయింది" అయింది. ఆ "తీవ్రమైన", "పూర్తిగా" రెండూ ఆయనవి కావు.

నొప్పి ముక్క మొత్తం తీసేయించాను. ఓనరుకి నచ్చలేదు, అమ్ముడుపోయేది ఆ మాటే అన్నాడు. నేను చెప్పింది ఏంటంటే, కస్టమర్ నోటితో చెప్పించినా యాడ్ మీది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఒక వస్తువు గురించి యాడ్‌లో ఎవరైనా చెప్పేది వాళ్ల నిజమైన అభిప్రాయమై ఉండాలి, దాన్ని వాడిన అనుభవం మీదో తగినంత సమాచారం మీదో ఆధారపడి ఉండాలి. తప్పుదారి పట్టించే యాడ్‌కి 2019 చట్టం కింద మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, చెప్పినవాళ్ల మీద కూడా. చిన్న కొట్టుని ఎవరు చూస్తారు అని ఓనరు అన్నాడు, ఉండొచ్చు. కానీ నడుం నొప్పి ఉన్న మనిషి ఆ వీడియో చూసి కొని, తగ్గకపోతే వచ్చేది మీ కొట్టుకే. మీ కస్టమర్‌ని కూడా ఇదే అడగండి, ఎప్పుడు తగ్గింది, అప్పుడే ఇంకేం మారింది అని. ఒకవేళ ఆయన "పొద్దున్న లేచేటప్పుడు నడుం పట్టేసేది, నాకు అది కొంచెం తగ్గింది" అని ఆయన నోటితో అంటే ఆ మాట అలాగే ఉంచొచ్చు. దాన్ని "నడుం నొప్పి తగ్గిస్తుంది" చేయకూడదు.

రివ్యూలోంచి గానీ ఫోన్‌లో చెప్పినదాంట్లోంచి గానీ మనం కోసుకోవచ్చు, ముందూ వెనకా చేయొచ్చు, పది నిమిషాల మాటని ముప్పావు నిమిషం చేయొచ్చు. అందులో తప్పేం లేదు. కానీ కోసేటప్పుడు చేయి పోయేది ఎప్పుడూ మూడు మాటల మీదకే: "కొంచెం", "మొదట్లో", "నాకు". చిన్నమాటలు, తీసేస్తే వాక్యం చురుగ్గా ఉంటుంది. అవి తీస్తే అర్థమే మారిపోతుంది, మనిషి అన్నదాని మీద మనం పది శాతం కలిపి అమ్ముతున్నట్టు. నేను వాటి జోలికి పోను. ఇంకో తమాషా ఏంటంటే, ఆ మాటలున్నందుకే వినేవాడు నమ్ముతాడు.

అప్పుడు రాసిన స్క్రిప్టు ఇది:

"మా పాత దూది పరుపుకి మజ్జిలో గుంట పడిపోనాది. ఆవిడ అటుపక్క, నాను ఇటుపక్క తొంగునేవోళ్లం, తెల్లారేసరికి ఇద్దరం గుంటలో ఉండీవోళ్లం. రెండుసార్లు ఏకించినాను, మళ్లీ అంతే. ఈ పీచు పరుపు తెచ్చిన రాత్రి మా ఇంటావిడ, ఏటిది బల్లలాగుంది, ఇచ్చీసి రండి అంది. వారం పట్టింది అలవాటవడానికి. రథసప్తమికి మా బావమరిది వచ్చినాడు. రెండింటికి లెగిసి అరసవల్లి ఎల్తానన్నాడు. ఇదే మంచం ఇచ్చినాం. ఆరింటికి లెగిసినాడు. అప్పట్నుంచి మా ఇంటావిడ, ఇచ్చీసి రండి అనడం మానేసింది."

ఇందులో కొట్టు పేరు లేదు. పేరు కింద అక్షరాల్లో వేశాం, చివర బోర్డు చూపించాం. మామూలు మనిషి కబుర్లలో కంపెనీ పేరు పూర్తిగా, స్పష్టంగా పలకడు, "అక్కడ కొన్నాం" అంటాడు. పేరు నోట్లో పెట్టిన వీడియోల్లో గమనించండి, మిగతా మాటలన్నీ కలిసిపోయి వస్తాయి, పేరు దగ్గరికొచ్చేసరికి మనిషి నెమ్మదిస్తాడు, ఒక్కో అక్షరం విడివిడిగా పలుకుతాడు. అక్కడే చూసేవాడు వేలితో పైకి తోసేస్తాడు.

"రికమెండ్ చేస్తాను" కూడా లేదు. చివర్న ఆవిడ ఇచ్చేయమనడం మానేసింది అనేదే ఆ పని చేస్తుంది. మీ కస్టమర్ విషయంలో ఇలాంటి ముగింపు దొరక్కపోతే, ఎవరైనా అడిగితే ఏం చెప్పారు అని అడగండి. "మా తోడల్లుడు అడిగితే షాపు దారి చెప్పాను" అంటే అదే సిఫార్సు.

ఆ "బల్లలాగుంది" వాక్యం మీద ఓనరుకీ నాకూ గంట వాదన. తన డబ్బుతో తీస్తున్న వీడియోలో తన పరుపుని బల్ల అంటారా అని. కానీ పీచు పరుపు కొనడానికి వచ్చే ప్రతి మనిషీ కొట్టులో దాన్ని చేత్తో నొక్కి, గట్టిగా ఉందే అనే కదా అంటాడు. ఆ అనుమానం ఎలాగూ ఉంది. ఇంట్లో ఇద్దరికీ అదే అనిపించిందని, వారంలో సర్దుకుందని అదే ఇంటి మనిషి చెప్తే కొనేవాడికి పనికొచ్చే సమాచారం. మీ రివ్యూలో "డెలివరీ కొంచెం లేటు" ఉంది చూడండి, దాన్ని తీసేసే ఉంటారు మీరు. తీయకండి, ఎంత లేటు, వచ్చినవాళ్లు ఏం చేశారు అని అడగండి. మీ స్టాఫ్ మర్యాద అనే మాట బతికేది ఆ లేటు పక్కనే.

యాస గురించి. నేను రాసిన స్క్రిప్టులో "మజ్జిలో", "తొంగునేవోళ్లం", "లెగిసినాడు" ఉన్నాయంటే అవి ఆయన ఫోన్‌లో అన్న మాటలు కాబట్టే ఉన్నాయి. మేనల్లుడికి ఇది చూడగానే హుషారొచ్చి, ఇంకొంచెం శ్రీకాకుళం యాస దట్టిద్దాం అని రెండు మూడు చోట్ల "ఏటిరా గుంటడా" లాంటివి కలిపాడు. కాగితం చూసి ఆయన ముఖం మారిపోయింది. "నన్ను జోకర్ని సేస్తారేటి?" అన్నారు. సినిమాల్లో మన యాసని ఎలా వాడారో మనందరికీ తెలుసు, ఆ దెబ్బ ఇంకా ఉంది. అందుకే మనవాళ్లు చాలామంది కెమెరా చూడగానే పుస్తకం తెలుగులోకి మారిపోతారు కూడా. అలా మారితే మారనివ్వండి, అది కూడా వాళ్ల భాషే. రిటైర్డ్ టీచరు గారు చక్కని గ్రాంథికం ఛాయలతో మాట్లాడితే ఆయనకి అదే సహజం. మనం పని కట్టుకుని యాస కలపకూడదు, ఉన్నది దిద్దకూడదు, అంతవరకే. "అంటే", "అదేంటంటే", "మరి" లాంటి ఊతపదాలు కూడా స్క్రిప్టులో రాయొద్దు. అవి మాట్లాడేటప్పుడు వాటంతటవే వస్తాయి. రాసిన "మరి"ని చదివితే అంత చోద్యంగా ఇంకేదీ ఉండదు.

స్క్రిప్టు అయ్యాక షూటింగుకి ముందు దాన్ని ఫోన్‌లో ఆయనకి నేనే చదివి వినిపిస్తాను. నమ్మండి, ఇది దాటేస్తే మిగతా కష్టం వృథా. చదువుతుంటే ఎక్కడ ఆయన "ఊఁ, ఊఁ" అంటారో అవి ఆయన వాక్యాలు. ఎక్కడ మాట్లాడకుండా ఉండి, తర్వాత అదే విషయం మళ్లీ తన పద్ధతిలో చెప్తారో అది నా వాక్యం, కొట్టేసి ఆయన చెప్పింది రాసుకుంటాను. ఈయన విషయంలో నేను "రెండుసార్లు దూది ఏకించినా ఫలితం లేదు" అని రాశాను మొదట. "ఆఁ, రెండుసార్లు ఏకించినాను, మళ్లీ అంతే" అన్నారు. చూశారా, ఫలితం అనే మాట నాది.

పొడవు సంగతి ఒకటి. ఇంగ్లీషు వీడియోల లెక్క చూసి నిమిషానికి నూట యాభై మాటలు అని రాసుకుంటారు కొందరు, తెలుగులో అది కుదరదు. మన మాట ఒక్కొక్కటి పొడుగు. "తొంగునేవోళ్లం" ఒక్క మాటే, ఇంగ్లీషులో దానికి నాలుగైదు మాటలు కావాలి. నా అనుభవంలో పెద్దవాళ్లు తాపీగా చెప్తే ముప్పావు నిమిషానికి 70 మాటలు ఎక్కువ. పైన రాసింది యాభై అయిదు మాటలే, ఆ 70కి లోపే ఉంది. అంతకు మించితే తరుముకుంటూ చెప్తారు, తరుముకుంటే చదివినట్టే ఉంటుంది.

మీరు కస్టమర్ చేతికి కాగితం ఇచ్చానన్నారు. నేను ఇవ్వను. స్క్రిప్టు నా దగ్గర ఉంటుంది, ఆయన ముందు కెమెరా పక్కన ఒక అట్టముక్క మీద నాలుగు మాటలే రాసి పెట్టాను: గుంట, బల్ల, బావమరిది, మానేసింది. స్క్రిప్టు ఆయన నోట్లోంచి వచ్చిందే కాబట్టి ఆ నాలుగు మేకులు చాలు, మధ్యలో తాడు ఆయనే కట్టుకుంటారు. చూసేది కెమెరాని కాదు. వాళ్ల ఆవిడని కెమెరా పక్కనే కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడకి చెప్పమన్నాం. ఆవిడ మధ్యలో "అబద్ధం, నానలాగ అనలేదు" అని అందుకుంది, అది కూడా వీడియోలో ఉంచేశాం. మొదటి టేకు బెదురుగా ఉంటుంది, రెండోదో మూడోదో బాగుంటుంది. అయిదు దాటితే మనిషి కథ చెప్పడం మానేసి పోయినసారి చెప్పినదాన్ని గుర్తు తెచ్చుకుంటాడు. వాక్యాల చివర్లన్నీ ఒకే రాగంలో దిగుతుంటే, చేతులు కదలడం ఆగిపోతే, టీ తాగించి వదిలేయడమే.

అయిపోయాక బొమ్మ లేకుండా శబ్దం ఒక్కటే ఆయన్ని తెలిసినవాళ్లకి వినిపించండి. నేను ఈ పరీక్ష నేర్చుకున్నది ఒక తప్పు వల్ల. చాలా ఏళ్ల కిందట ఒక మిక్సీల షాపుకి చేస్తూ ఒక గృహిణి చేత "ఈ మిక్సీ మా వంటింటికి ఊపిరి" అనిపించాను, నాకు ఆ వాక్యం తెగ నచ్చింది. వీడియో వచ్చిన రెండో రోజు ఆవిడ ఫోన్ చేసి తీసేయమన్నారు. వీధిలో పిల్లలు "ఊపిరి పిన్ని" అని పిలవడం మొదలుపెట్టారట. ఆవిడ గొంతు తెలిసిన ఎవరికి ముందు వినిపించినా చెప్పేవాళ్లు, ఇది ఆవిడ మాట కాదని.

ఓనరు తర్వాత సంతోషించి డ్రైవరు గారికి రెండు దిళ్లు ఇచ్చాడు. వీడియో పెట్టకముందే ఇచ్చాడు కాబట్టి కింద అక్షరాల్లో ఆ సంగతీ వేయమన్నాను: "ఈ కస్టమర్‌కి వీడియో కోసం మా షాపు రెండు దిళ్లు ఇచ్చింది" అని. ఆ 2022 మార్గదర్శకాల్లోనే ఉంది, ఇలా ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటే చూసేవాళ్లకి తెలియాలి. మీరు కూడా డిస్కౌంటో ఇంకేదో ఇస్తుంటే దాచకండి. దిళ్ల ముక్క వల్ల ఎవరూ నమ్మడం మానేయలేదు, దిళ్ల రేటు అడిగినవాళ్లు మాత్రం ఉన్నారు.

ఫైనల్ వీడియో ఆయనకి చూపించి ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో రాయించుకున్నాను, ఆవిడ చేత కూడా. కథలో పేరు లేకపోయినా బావమరిది ఉన్నాడు కదా. "ఆడేటీ అనుకోడు బాబూ" అన్నారు డ్రైవరు గారు. అయినా నంబరు తీసుకుని పాలకొండ ఫోన్ చేశాను. విషయం చెప్పి, వీడియో పంపాను. ఆయన చూసి అరగంటకి తిరిగి చేశారు. వీడియో పెట్టుకోండి గానీ ఒకటి దిద్దాలి అన్నారు. లేచింది ఆరింటికి కాదట, అయిదున్నరకట. మళ్లీ ఆముదాలవలస వెళ్లి ఆ ఒక్క వాక్యం తీసుకుని వచ్చాం.